ఒకే కరెంట్ బిల్లు, మూడు సబ్ మీటర్లు: తేడా వచ్చిన 80 యూనిట్లు ఎవరివి?

మేడమీద

అందరికీ నమస్కారం. మేం ఉంటున్న ఇంట్లో మూడు పోర్షన్లు ఉన్నాయి, మెయిన్ మీటర్ మాత్రం ఒక్కటే. కింద ఓనర్ గారి కుటుంబం ఐదుగురు, మధ్య అంతస్తులో ముగ్గురు, పైన మేమిద్దరం. ఒక్కో పోర్షన్‌కు ఒక సబ్ మీటర్ పెట్టారు.

ఈసారి రీడింగులు ఇవి: కింద 210, మధ్యలో 190, పైన 120. కలిపితే 520. మెయిన్ మీటర్ బిల్లు మాత్రం 600 యూనిట్లకు వచ్చింది. మిగతా 80 కామన్ ఖర్చు, అంటే మోటారు, మెట్ల లైట్లు అని చెప్పి ఓనర్ గారు మూడు సమాన భాగాలు చేశారు. బిల్లు మొత్తం 3,960. అందులో యూనిట్ల ఖర్చు 3,700, ఫిక్స్‌డ్ చార్జీలు 210, ఆలస్య రుసుము 50. (అంకెలు కాస్త గుండ్రం చేశాను.)

అడగాల్సింది రెండు విషయాలు. ఈ 80ని ముగ్గురూ సమానంగా కట్టడం న్యాయమేనా? అసలు మోటారు, నాలుగు బల్బులు నెలకు 80 యూనిట్లు తింటాయా?

నిదానం

మెయిన్ మీటర్ స్పీడుగా తిరుగుతోందండీ. ఫిర్యాదు ఇవ్వండి, వచ్చి టెస్ట్ చేస్తారు. మా బంధువుల ఇంట్లో అలాగే మార్చారు.

మేడమీద

నిదానం గారూ, మెయిన్ మీటర్ మీద నాకు అనుమానం లేదు. బిల్లు సరైనదే అనుకుని, దాన్ని పంచుకోవడం ఎలాగన్నదే నా సందేహం.

వైరింగ్ పని

ముందు ఒకటి చెప్పండి. సబ్ మీటర్ల రీడింగ్ ఎప్పుడు తీశారు? మెయిన్ మీటర్ రీడింగ్ తీసిన రోజేనా?

ఇది అడగకుండా ముందుకు వెళ్లకూడదు. మీ ఇంట్లో రోజుకు దాదాపు 20 యూనిట్లు కాలుతున్నాయి. ఒక నెల అదే రోజు తీసి, ఇంకో నెల మూడు రోజులు ముందో వెనకో తీస్తే అక్కడే 60 యూనిట్ల తేడా కనబడుతుంది. ఎప్పుడూ సరిగ్గా మూడు రోజులు ఆలస్యంగానే తీస్తే పెద్ద ఇబ్బంది లేదు, అన్ని నెలలూ ఒకేలా జరుగుతాయి కాబట్టి. ఓ నెల అలా, ఓ నెల ఇలా తీస్తేనే కామన్ లెక్క ఓసారి పొంగుతుంది, ఓసారి తగ్గుతుంది.

మేడమీద

అదే రోజు సాయంత్రం నాలుగు మీటర్లకూ ఫోటోలు తీశాను. పోయిన నెల కూడా అంతే. అప్పుడు తేడా 77.

వైరింగ్ పని

అయితే తేడా నిజమైనదే. రెండు నెలలూ దగ్గరగా ఉందంటే, రోజూ ఒకే తీరుగా నడిచేదేదో దాన్ని తింటోంది. మీటర్ల తప్పు ఎంత ఉంటుందో కూడా చూసుకోండి. మామూలుగా ఇళ్లలో పెట్టే క్లాస్ 1 ఎలక్ట్రానిక్ మీటరు నూటికి ఒక యూనిట్ వరకు ఎక్కువగానో తక్కువగానో చూపించవచ్చు. మెయిన్ ఒక పక్కకు, సబ్ మీటర్లన్నీ రెండో పక్కకు తప్పు చూపినా 520 మీద 10, 11 యూనిట్లు దాటదు. 80ని మీటర్ తప్పు ఖాతాలో వేయలేం.

సొంతిల్లు

నేను ఓనర్‌ని కాబట్టి ఓనర్ వైపు నుంచి చెబుతా. కామన్ అంటే కామన్. ప్రతి నెలా బల్బులు లెక్కపెడుతూ కూర్చుంటే ఏ ఓనరూ ఇల్లు అద్దెకివ్వడు. ఇంకో సంగతి, మీ సబ్ మీటర్ స్లో అయ్యుండొచ్చు. మా ఇంట్లో చూశాను, మెయిన్ మీటర్ ఎర్ర లైటు గబగబా వెలుగుతుంది, సబ్ మీటర్ లైటు అందులో సగం కూడా వెలగదు. అంటే సబ్ మీటర్ సగమే రాస్తోందన్నమాట.

వైరింగ్ పని

సొంతిల్లు గారూ, సబ్ మీటర్ స్లో అయ్యే అవకాశం ఉంది, ఆ మాట నిజం. పాత చక్రం మీటర్లయితే మరీనూ. చిన్న లోడు మీద చక్రం కదలదు కూడా. కానీ ఎర్ర లైటును చూసి అలా తేల్చకూడదు. మీటర్ ముఖం మీద 3200 imp/kWh అనో 1600 imp/kWh అనో రాసి ఉంటుంది. ఒక యూనిట్‌కు లైటు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ అంకె చెబుతుంది. మీ మెయిన్ మీద 3200, సబ్ మీద 1600 ఉంటే సగం వేగంతో కొట్టుకోవడమే సరైన లెక్క.

పోల్చి చూడాలంటే మిగతా పోర్షన్లు, మోటారు అన్నీ ఆపేసి, ఒక్క పోర్షన్‌లో ఇస్త్రీ పెట్టె కాకుండా గీజర్ లాంటిది వేయండి. ఇస్త్రీ పెట్టె మధ్యమధ్యలో ఆగిపోతుంది, లెక్క కుదరదు. ఐదు నిమిషాల పాటు రెండు మీటర్ల లైట్లూ లెక్కపెట్టండి. ఒక్కోదాన్ని దాని మీద ఉన్న అంకెతో భాగిస్తే రెండు చోట్లా ఒకే యూనిట్లు రావాలి.

మేడమీద గారూ, మీకు ముందు వేరే పరీక్ష కావాలి. మిగతా రెండు ఇళ్లవాళ్లకూ చెప్పి ఓ పావుగంట మూడు పోర్షన్ల ఎంసీబీలూ ఆపండి. మోటారు, మెట్ల లైట్లు కూడా ఆపండి. అప్పుడు మెయిన్ మీటర్ లైటు అస్సలు వెలగకూడదు. వెలిగితే, ఏ సబ్ మీటరూ చూడని చోటు నుంచి ఎవరో కరెంట్ లాగుతున్నట్టే. తర్వాత మోటారు ఒక్కటే వేసి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో రాసుకోండి. స్విచ్చులు ఆపడం వేయడం తప్ప మూత తీయడం, సీలు ముట్టుకోవడం వద్దు.

రెండో బ్లాక్

మా గోల దీనికి పూర్తిగా తలకిందులు. మా దగ్గర సబ్ మీటర్లు కలిపితేనే మెయిన్ కంటే 40 యూనిట్లు ఎక్కువ వస్తోంది! కామన్ లైట్లు ఉన్నా కూడా. ఇంటాయన మాత్రం సబ్ మీటర్ ప్రకారమే వసూలు చేస్తున్నాడు. ఇదెలా సాధ్యం?

లెక్కల పుస్తకం

రీడింగ్ తప్పుగా రాస్తున్నారేమో చూడండి. మా దగ్గర ఒకాయన చివరి ఎర్ర అంకెను కూడా కలిపి రాసేవాడు. అది యూనిట్‌లో పదో వంతు. 18 యూనిట్లు కాలిస్తే 180 అని లెక్కకొచ్చేది. ఎల్‌సీడీ మీటర్లలో ఇంకో తిరకాసుంది. తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి. పక్కన kWh అని ఉన్నప్పుడే రాసుకోవాలి. కొన్నింటిలో kVAh కూడా వస్తుంది, అది ఎప్పుడూ kWh కంటే ఎక్కువో సమానమో ఉంటుంది.

రెండో బ్లాక్

అవన్నీ చూశాం. kWh దగ్గరే ఫోటో తీస్తున్నాం. ఎర్ర అంకె మా మీటర్లలో లేదు.

వైరింగ్ పని

అయితే న్యూట్రల్ కలిసిపోయి ఉంటుంది. ఈ తప్పు చాలా ఇళ్లలో చూశాను. పాత ఇంటిని పోర్షన్లుగా విడగొట్టేటప్పుడు ఫేజ్ వైర్లు జాగ్రత్తగా వేరు చేస్తారు. న్యూట్రల్ దగ్గరికి వచ్చేసరికి ఏ గోడ దగ్గర దగ్గరుంటే అక్కడ కలిపేస్తారు. బల్బు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, ఎవరికీ తేడా తెలియదు.

కానీ కొన్ని మీటర్లు ఫేజ్‌లో వెళ్లే కరెంట్‌నూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంట్‌నూ రెండింటినీ చూస్తాయి. దొంగతనం అరికట్టడానికి ఆ ఏర్పాటు. రెండింటిలో ఏది ఎక్కువో దాన్నే లెక్క రాస్తాయి. పక్కింటి ఫ్యాన్ కరెంట్ వాళ్ల ఫేజ్ నుంచి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు సగం మీ న్యూట్రల్ గుండా వచ్చిందనుకోండి. వాళ్ల మీటర్ మొత్తం రాసుకుంటుంది, మీ మీటర్ ఆ సగాన్ని మళ్లీ రాసుకుంటుంది. మెయిన్ మీటర్‌కు మాత్రం అది ఒక్కసారే తగులుతుంది. అందుకే మీ మొత్తం ఎక్కువ.

ఇలా చూసుకోండి. మీ ఎంసీబీ ఆపండి. ఒక్క ఫేజ్‌నే ఆపే రకమైతే న్యూట్రల్ తగిలే ఉంటుంది. పక్కవాళ్లను గీజర్ వేయమనండి. మీ ఇంట్లో ఏమీ నడవకపోయినా మీ సబ్ మీటర్ లైటు కొట్టుకుంటే, మీ బిల్లులో పక్కవాళ్ల వాడకం ఉందన్నమాట. ఇది ఎలక్ట్రీషియన్ పని. న్యూట్రల్ ఎక్కడ కలిసిందో వెతికి విడదీయాలి. లెక్కలు ఎంత మార్చినా తీరదు.

రెండో బ్లాక్

ఆదివారం చూస్తాను. మా ఎంసీబీ ఒక్క ఫేజ్ రకమే అనుకుంటా. మరి ఇప్పటిదాకా కట్టిన దాని సంగతి?

లెక్కల పుస్తకం

అది కాగితం మీద తేలదు. తప్పు దొరికాక మాట్లాడండి. అప్పటిదాకా వచ్చే బిల్లును మెయిన్‌కు మించకుండా పంచమని అడగండి. సబ్ మీటర్ల మొత్తం ఎంత వచ్చినా, వసూలయ్యేది అసలు బిల్లును దాటకూడదు కదా. అయితే ఇది తాత్కాలికమే. ఆ 40 యూనిట్లు మీలో ఎవరి మీద ఎంత పడ్డాయో తెలియదు కాబట్టి, అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గించడం కూడా ఉజ్జాయింపే.

మేడమీద

పరీక్ష చేశాను. మధ్య పోర్షన్ అన్నయ్య కూడా నిలబడి చూశారు.

మా మెయిన్ మీద 3200 imp/kWh అని ఉంది. మోటారు ఒక్కటే వేస్తే నిమిషానికి 56 సార్లు కొట్టుకుంది. రోజుకు ముప్పావు గంట నడుస్తుంది. మెట్ల బల్బులు 9 వాట్లవి నాలుగు, రాత్రంతా వెలుగుతాయి.

అసలు సంగతి ఇది. మోటారు, బల్బులు, మూడు పోర్షన్లు అన్నీ ఆపేశాక కూడా మెయిన్ లైటు నిమిషానికి ఒకసారి వెలుగుతూనే ఉంది. ఇంకో వింత, లెక్కపెట్టడం అయ్యాక స్విచ్ వేస్తే, ఓనర్ గారి ఎంసీబీ ఆపి ఉన్నా వాళ్ల హాల్లో ఫ్యాన్ తిరిగింది. ఇన్వర్టర్ ఉంది కదా, బ్యాటరీ మీద తిరుగుతోందని వాళ్లబ్బాయి అన్నాడు. ఇన్వర్టర్ మెట్ల కింద ఉంది.

లెక్కల పుస్తకం

మీ అంకెలకు లెక్క కట్టాను. నిమిషానికి 56 అంటే గంటకు 3,360. 3200తో భాగిస్తే 1.05 యూనిట్. రోజుకు ముప్పావు గంట చొప్పున నెలకు 24 యూనిట్లు. బల్బులు 36 వాట్లు, రాత్రికి 12 గంటలు, నెలకు 13. రెండూ కలిపి 37. మిగతా 43 యూనిట్లు కామన్ కాదు.

నిమిషానికి ఒకటి అంటే దాదాపు 19 వాట్లు. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది గానీ, రాత్రీ పగలూ ఆగదు కాబట్టి నెలకు 13 దాటుతుంది. ఇంకా 30 మిగిలాయి.

వైరింగ్ పని

ఆ 30 కూడా మెట్ల కిందే ఉన్నాయి. ఇన్వర్టర్ ప్లగ్ కామన్ లైన్‌లో పెట్టినట్టున్నారు. చాలామంది బ్యాటరీ చార్జింగ్ వరకే కరెంట్ తీసుకుంటుంది అనుకుంటారు. కాదు. కరెంట్ ఉన్నంతసేపు ఇన్వర్టర్ దాన్ని తనలోంచే ఫ్యాన్లకు, లైట్లకు పంపిస్తుంది. అందుకే ఎంసీబీ ఆపినా ఫ్యాన్ తిరిగింది. ఇన్వర్టర్ మీద మెయిన్స్ లైటు వెలుగుతోందా చూడండి. వెలుగుతుంటే ఆ ఫ్యాన్ బ్యాటరీ మీద లేదు, మీ కామన్ లైన్ మీద ఉంది. హాలు ఫ్యాన్, లైటు వేసి మళ్లీ లెక్కపెట్టండి.

ఓనర్ గారు కావాలని చేశారని మాత్రం అనుకోకండి. ఇన్వర్టర్ బిగించేవాడు దగ్గర్లో ప్లగ్ ఎక్కడుంటే అక్కడ పెట్టేస్తాడు.

మేడమీద

మెయిన్స్ లైటు వెలుగుతూనే ఉంది. ఫ్యాన్, ట్యూబ్ లైటు వేస్తే నిమిషానికి ఐదు. ఆపితే మళ్లీ ఒకటి.

లెక్కల పుస్తకం

తేడా నాలుగు, అంటే 75 వాట్లు. రోజుకు 14 గంటలు నడుస్తాయనుకుంటే నెలకు 31, 32 యూనిట్లు. మొత్తం 24, 13, 13, 32 కలిపితే 82. మీ తేడా 80. ఇంతకంటే దగ్గరగా రావడం కష్టం.

కాబట్టి కామన్ 37, ఓనర్ గారి వాడకం 210 కాదు 253. యూనిట్‌కు సగటు 3,700ని 600తో భాగిస్తే 6.17. మీ 120కి 740. కామన్‌లో మూడో వంతు 76. ఫిక్స్‌డ్‌లో 70. మొత్తం 886. పాత పద్ధతిలో 974 అయ్యేది. ఆలస్య రుసుము 50 ఇందులో కలపలేదు. మీరు సమయానికి డబ్బు ఇచ్చి ఉంటే అది బిల్లు కట్టడం ఆలస్యం చేసినవాళ్లదే.

సొంతిల్లు

ఇన్వర్టర్ సంగతి ఒప్పుకుంటాను. మా ఇంట్లో కూడా వెళ్లి చూడాలి. కానీ సగటు ధర మాత్రం ఒప్పుకోను. అద్దెకున్నవాళ్లు లేకపోతే నా బిల్లు చిన్న స్లాబులోనే ఉండేది. వాళ్ల వల్లే పై స్లాబులోకి పోతోంది. పై స్లాబు ధర వాళ్లే కట్టాలి.

మధ్య అంతస్తు

అదే మాట మేమూ అనొచ్చు కదండీ. మాకు వేరే మీటర్ ఉంటే 190 యూనిట్లకు చిన్న స్లాబులోనే ఉండేవాళ్లం. చివరి యూనిట్ ఎవరు వాడారో మీటర్‌కు తెలియదు.

లెక్కల పుస్తకం

ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది. మూడు పోర్షన్లకూ వేరే మీటర్లు ఉన్నాయనుకుని స్లాబుల ప్రకారం బిల్లు కట్టి చూడండి. ఉదాహరణకు మొదటి 100కి యూనిట్ 3, తర్వాతి 200కి 5, ఆపైన 8 అనుకుందాం. 600 యూనిట్లకు 3,700 సరిపోతుంది. మొదట చెప్పిన రీడింగులతో విడివిడిగా చూస్తే పైన 120కి 400, కింద 210కి 850, మధ్యలో 190కి 750. మొత్తం 2,000. ఇప్పుడు 3,700ని ఇదే నిష్పత్తిలో పంచితే పైవాళ్లకు ఐదో వంతు, అంటే 740 పడుతుంది. కామన్ కూడా అందులోనే వచ్చేసింది. సగటు ధర, సమాన కామన్ పద్ధతిలో అయితే ఫిక్స్‌డ్ కాకుండా 904 అయ్యేది.

తక్కువ వాడేవాళ్లకు ఇది మేలు. ఎక్కువ వాడేవాళ్లకు సహజంగా నచ్చదు. నాకైతే ఇదే సరైనదనిపిస్తుంది, స్లాబులు పెట్టిందే తక్కువ వాడేవాళ్లకు తక్కువ ధర అని కదా. కానీ ప్రతి నెలా ముగ్గురూ ఈ లెక్క చేసి ఒప్పుకోవాలి.

వైరింగ్ పని

నేను సగటు ధరే మేలంటాను. కాగితం మీద ఒక్క భాగహారం, ఎవరైనా సరిచూసుకోవచ్చు. లెక్క అర్థం కాకపోతే అనుమానం మొదలవుతుంది.

మధ్య అంతస్తు

మరి మోటారు? కింద ఐదుగురు, పైన ఇద్దరు. నీళ్లు మనుషుల లెక్కన ఖర్చవుతాయి. సమానంగా పంచడం ఎలా న్యాయం?

లెక్కల పుస్తకం

మోటారు 24 యూనిట్లు మనిషి లెక్కన, బల్బులు 13 ఇంటి లెక్కన పంచవచ్చు. మేడమీద గారింట్లో మనుషులు పది మంది. 24 యూనిట్లకు 148, మనిషికి 15 లోపే. ఇద్దరికి 30, ఐదుగురికి 74. సమానంగా అయితే ఇంటికి 49. తేడా 20, 25. దానికోసం చుట్టాలు వచ్చిన రోజులు లెక్కపెట్టుకునే పరిస్థితి తెచ్చుకోవాలా అన్నది మీ ముగ్గురి ఇష్టం.

కొత్త అద్దె

మధ్యలో దూరుతున్నాను. నేను నెల సగంలో దిగాను. ముందున్నవాళ్ల రీడింగ్ ఎవరూ తీయలేదు. మొత్తం నెల నన్నే కట్టమంటున్నారు. ఏం చేయాలి?

వైరింగ్ పని

తాళం తీసుకున్న రోజు ఫోటో ఉందా? పెట్టె సర్దేటప్పుడు తీసిన ఫోటోలో మీటర్ కనిపించినా చాలు. లేకపోతే ఇప్పటి నుంచి ఒక వారం మీ వాడకం చూసి, దిగిన రోజు నుంచి దాని ప్రకారం లెక్క కట్టి అడగండి.

మేడమీద

ఓనర్ గారితో మాట్లాడాను. కాగితం మీద లెక్క చూపించాను. కాసేపు మౌనంగా ఉండి, ఇన్వర్టర్ ప్లగ్ వాళ్ల సబ్ మీటర్ తర్వాతకు మార్పిస్తానన్నారు. ఆలస్య రుసుము తనదే అన్నారు. కానీ మెట్ల మీద ఒక బల్బు ఆ ఇన్వర్టర్ మీదే ఉంది. కరెంట్ పోయినప్పుడు అందరం ఆ వెలుగులోనే ఎక్కుతాం, అది ఊరికే వస్తోందా అని అడిగారు. సమాధానం చెప్పలేకపోయాను, ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ప్లగ్ మారాక ఆ బల్బు వాళ్ల మీటర్‌లోకి పోతుంది.

పాత నెలల సంగతి ఎత్తితే మాట మార్చేశారు. సగటు ధరా, స్లాబు నిష్పత్తా అన్నది మధ్య పోర్షన్ వాళ్లతో ఇంకా తేలలేదు.

వైరింగ్ పని

ఆ బల్బు 9 వాట్లే. రాత్రంతా వెలిగినా నెలకు మూడు యూనిట్లు. ఆ మూడు ఓనర్ గారి రీడింగ్‌లోంచి తీసి కామన్‌లో కలపండి, ఆయనకూ బాగుంటుంది. ప్లగ్ మార్చిన రోజు నాలుగు మీటర్ల రీడింగూ తీసి పెట్టుకోండి, ఆ నెల బిల్లు రెండు ముక్కలుగా లెక్కకట్టాలి. మార్చాక మళ్లీ అన్నీ ఆపి మెయిన్ లైటు చూడండి. ఐదు నిమిషాలైనా వెలగకపోతేనే పని అయినట్టు.

రెండో బ్లాక్

మా ఎంసీబీ ఆపి పక్కవాళ్ల గీజర్ వేయించాం. మా మీటర్ లైటు కొట్టుకుంటూనే ఉంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. న్యూట్రల్ ఎక్కడ కలిసిందో దొరికాక ఫోటోతో వస్తాను.